ప్లస్సో మైనస్సో తేలాకే లెక్క

ఇంటర్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి భోజనాల వేళ దాటాక ఫొటోలు మొదలవుతాయి. ‘‘సార్, ఈ లెక్క ఒక్కసారి చూడండి’’ అంటూ ఒక పేజీ. అంచు వంకరగా ఉంటుంది, కింది ఆప్షన్ సగం తెగిపోతుంది, అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. అయినా లెక్కలు చెప్పే మనిషికి అది బాగా తెలిసిన మోడల్‌లాగే కనిపిస్తుంది, వెంటనే కలం తీయాలనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. కనిపించని చోట మనకు అలవాటైన గుర్తునో అంకెనో మనమే పెట్టుకుని చదివేస్తాం, అలా చదివామన్న సంగతి మనకే తెలియదు.

ఒక లెక్క తీసుకుందాం. x² − 6x + 3 = 0 సమీకరణానికి α, β లు మూలాలైతే α² + β² విలువ ఎంత? ఫొటోలో రెండు ఆప్షన్లే చదవగలుగుతున్నాం: (1) 30, (2) 42. మూడోది మసక. నాలుగోది ఫొటోలోనే లేదు. ప్రశ్నలో 6 అన్నది 8 కూడా కావచ్చు, 3 అన్నది 8 కూడా కావచ్చు. 3కు ముందున్నది ప్లస్సో మైనస్సో తేలడం లేదు.

ఇక్కడ ముందుగా చూడాల్సింది ఏ సందేహం జవాబును మారుస్తుంది, ఏది మార్చదు అన్నది. మూలాల మొత్తాన్ని వర్గం చేసి, అందులోంచి లబ్ధానికి రెట్టింపు తీసేస్తే α² + β² వస్తుంది. మొత్తాన్ని వర్గం చేస్తున్నాం కాబట్టి 6x ముందు ఏ గుర్తు ఉన్నా 36 వస్తుంది. ఆ గుర్తు మసకగా ఉన్నా ఈ ప్రశ్నకు నష్టం లేదు. అదే α³ + β³ అడిగి ఉంటే జవాబు గుర్తే తారుమారయ్యేది. 3 ముందున్న గుర్తు సంగతి వేరు. అది ప్లస్ అయితే 36లోంచి 6 పోయి 30 వస్తుంది. మైనస్ అయితే 36కు 6 కలిసి 42 వస్తుంది.

రెండూ ఆప్షన్లలో ఉన్నాయి! చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. తమకు వచ్చిన జవాబు ఆప్షన్లలో కనిపించగానే ప్రశ్నను సరిగ్గానే చదివామని అనుకుంటారు. కానీ పేపరు తయారుచేసేవాళ్లు తప్పు ఆప్షన్లను చాలావరకు విద్యార్థులు చేసే పొరపాట్ల నుంచే అల్లుతారు. గుర్తు తప్పుగా వేసుకునేవాడికి ఏ విలువ వస్తుందో అది ఆప్షన్లలో తప్పకుండా ఉండేలా చూస్తారు. మసక ఫొటోలో గుర్తును తప్పు చదివినా సరిగ్గా అదే విలువ దగ్గరికి చేరతాం.

అలాగని ఆప్షన్లు బొత్తిగా పనికిరావని కాదు. 30, 42 రెండూ 36కు అటు ఆరు, ఇటు ఆరు దూరంలో ఉన్నాయి. 36 అంటే 6 వర్గం, ఆ దూరం 3కు రెట్టింపు. అంటే అంకెలు 6, 3 అనడానికి ఇది గట్టి ఆధారం. 6 బదులు 8 అయితే 58 గానీ 70 గానీ రావాలి. 3 బదులు 8 అయితే 20 గానీ 52 గానీ రావాలి. చదవగలిగిన ఆప్షన్లలో అవేవీ లేవు. అంకెల సందేహం దాదాపు తీరింది. గుర్తును మాత్రం ఆప్షన్లు తేల్చలేవు, దానికి ఫొటోనే మళ్లీ చూడాలి.

ఎలా చూడాలి? అదే ఫొటోలో తప్పకుండా ప్లస్ ఉండాల్సిన చోటును వెతకాలి. అది α² + β² మధ్యలో ఉంది. ఫొటో తీసేటప్పుడు ఫోను పక్కకు కదిలితే నిలువు గీతలు చెదిరి పలచబడతాయి, అడ్డగీతలు మాత్రం దాదాపు అలాగే నిలుస్తాయి. అందుకే కదిలిన ఫొటోలో ప్లస్ మైనస్‌లా కనిపిస్తుంది. మనకు తెలిసిన ప్లస్‌కు నిలువు గీత స్పష్టంగా ఉండి, 3 ముందున్న గుర్తుకు లేకపోతే అది మైనస్ అనుకోవచ్చు. తెలిసిన ప్లస్ కూడా మైనస్‌లాగే ఉంటే ఆ ఫొటో గుర్తుల విషయంలో సాక్ష్యానికి పనికిరాదు. అంకెలకూ ఇదే పద్ధతి: ప్రశ్న నంబరులోనో ఆప్షన్ నంబరులోనో ఉన్న 3ను సందేహమున్న అంకెతో పోల్చి చూడాలి. అయితే పుస్తకం మధ్య మడత దగ్గర పేజీ వంగి మసక ఎక్కువవుతుంది కాబట్టి, దగ్గరలో ఉన్నవాటినే పోల్చాలి.

స్కానింగ్ యాప్‌లో నలుపు తెలుపుగా మార్చి పంపిన బొమ్మలతో ఇంకో ప్రమాదం ఉంది. అవి చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి కానీ సన్నని మైనస్, దశాంశ బిందువు, ఘాతాంకం వంటి చిన్న గుర్తులు కాగితం రంగులో కలిసి మాయమవుతాయి. 10⁻⁶ కాస్తా 10⁶ అవుతుంది. ఫిజిక్స్‌లో దీన్ని పట్టుకోవడం తేలికే. చిన్న గోళం మీద ఆవేశం రెండు మిలియన్ల కూలుంబ్‌లు ఉండదు కదా! లెక్కల్లో అలాంటి ఆసరా ఉండదు.

తెగిపోయిన ఫొటోలో మరో గొడవ ఉంది. మసకగా ఉంటే సందేహం వస్తుంది. తెగిన భాగం కంటికే కనపడదు కాబట్టి సందేహమే రాదు. పైన ‘కింది వానిలో సరికానిది’ అన్న మాట గానీ, రెండు మూడు ప్రశ్నలకు ఉమ్మడిగా ఇచ్చిన సమాచారం గానీ ఉండిపోవచ్చు. కుడి అంచున ప్రమాణాలో ఘాతాంకమో తెగిపోవచ్చు. కింద నాలుగో ఆప్షన్ ‘పైవేవీ కావు’ అయివుండవచ్చు. అందుకే ముందు ప్రశ్న ఆఖరి వాక్యం, తర్వాతి ప్రశ్న మొదటి వాక్యం కూడా ఫొటోలో పడ్డాయేమో చూడాలి. అవి కనిపిస్తే మధ్యలో ఏదీ పోలేదని నమ్మకం. నీట్ బుక్‌లెట్ వంటి రెండు భాషల పేపరైతే ఇంగ్లిష్ భాగం ఫొటో కూడా అడగాలి. అంకెలు, గుర్తులు రెండు చోట్లా ఒకటే కాబట్టి ఒకచోట చెదిరింది రెండోచోట దొరుకుతుంది. పైగా అనువాదంలో తేడా వస్తే నీట్‌లో ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది.

ఆప్షన్లు అసలే కనపడకపోతే అది ఏ రకం ప్రశ్నో చూడాలి. విలువ కనుక్కోమన్న ప్రశ్నను ఆప్షన్లు లేకుండానే చేయవచ్చు. ‘సరైనది ఏది’, ‘జతపరచండి’, ‘సుమారుగా ఎంత’ అన్నవాటిని ఆప్షన్లు లేకుండా ముగించలేం.

మళ్లీ అడిగేటప్పుడు ‘‘ఫొటో సరిగ్గా లేదు, ఇంకోటి పంపు’’ అంటే పిల్లలు చాలాసార్లు అదే ఫొటోను ఫార్వర్డ్ చేస్తారు. ‘‘మూడు ముందు ప్లస్సా మైనస్సా? నాలుగో ఆప్షన్ ఏమిటి?’’ అని అడిగితే కొత్త ఫొటోతో పని లేకుండా టైప్ చేసి చెబుతారు. ఫొటోనే కావాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనాలి. మామూలుగా పంపితే అది బొమ్మ సైజు తగ్గించేస్తుంది, సన్నని గీతలు మరింత చెదురుతాయి.

జవాబు రాకపోతే, పొద్దున్నే పరీక్ష ఉంటే? అప్పుడు జవాబు మొదటి వాక్యంలోనే చదివిన తీరు చెప్పేయాలి: ‘‘చివరి పదం +3 అనుకుని చేశాను, 30 వస్తుంది. −3 అయితే 42. పేపర్‌లో చూసుకో.’’ ఆప్షన్ నంబరు ఒక్కటే పంపకుండా విలువ కూడా రాయాలి. బుక్‌లెట్ కోడ్ మారితే ప్రశ్నల వరుస మారుతుంది, నంబరు మాత్రమే ఉన్న జవాబు పక్కవాడి పేపర్‌కు పనికిరాదు. విలువ, చదివిన తీరు రెండూ ఉంటే అసలు పేపరు చేతిలో ఉన్న విద్యార్థి ఒక్క చూపులో సరిచూసుకుంటాడు.