మీకు తెలుసా? తోక ఉన్నంత మాత్రాన భరోసా కాదు

క్యాండిల్‌స్టిక్ చార్టులో లావు భాగం, అంటే బాడీ, ప్రారంభ, ముగింపు ధరల మధ్య దూరం. పైనా కిందా సన్నగీతలు, అంటే విక్‌లు లేదా తోకలు, ఆ క్యాండిల్ కాలంలో తాకిన గరిష్ఠ, కనిష్ఠ ధరల దాకా సాగుతాయి. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ 2009 జనవరి 7 క్యాండిల్ చూడండి. ముందురోజు షేరు 179 రూపాయల దగ్గర ముగిసింది. లెక్కల మోసం బయటపడిన ఆ రోజు దాదాపు 31కి పడి, 40 దగ్గర ఆగింది. అందుకే అంత పొడవైన ఎర్ర బాడీ, కింద చిన్న తోక.

కింది తోక కొనేవాళ్లు వచ్చారనడానికి గుర్తు కదా అంటారు. వచ్చారు, నిజమే, కానీ నిలబడతారని అది చెప్పదు. తర్వాతి ట్రేడింగ్ రోజు, జనవరి 9న, షేరు 24 దగ్గర ముగిసింది. పడటానికి కారణం లెక్కల్లో ఉంది, చార్టులో కాదు. ఎవరైనా చార్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే ముందు ఒక్కో క్యాండిల్ ఒక రోజుదా, అయిదు నిమిషాలదా అని అడగండి.