పడింది ఐదో వంతు, లేవాల్సింది నాలుగో వంతు

2008 జనవరిలో అమెరికా డాలరు 40 రూపాయల లోపే ఉండేది. ఆ ఏడాది సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కుప్పకూలాక విదేశీ మదుపర్లు మన మార్కెట్లో షేర్లు అమ్మేసి డాలర్లు పట్టుకుపోయారు. నవంబరుకల్లా డాలరు 50 రూపాయలు దాటింది. లెక్క తేలిగ్గా ఉండటానికి 40 నుంచి సరిగ్గా 50కి చేరిందనుకుందాం. మరి రూపాయి ఎంత శాతం పడినట్టు?

చాలామంది 25 శాతం అంటారు. 40 మీద 10 పెరిగింది కాబట్టి 25 అన్న లెక్క తప్పు కాదు. కాకపోతే అది డాలరు పెరిగిన లెక్క. రూపాయి పతనం తెలియాలంటే రూపాయి ధరనే చూడాలి. డాలరు 40 రూపాయలున్నప్పుడు ఒక రూపాయికి రెండున్నర సెంట్లు వచ్చేవి. డాలరు 50 అయ్యాక రెండు సెంట్లే వస్తాయి. రెండున్నరలో అర సెంటు పోయిందంటే పోయింది ఐదో వంతు, అంటే 20 శాతం.

ఇప్పుడు రూపాయి మళ్లీ పాత చోటుకు రావాలనుకుందాం. పోయిన అర సెంటే తిరిగి రావాలి, అంతకు మించి అక్కర్లేదు. కానీ ఈసారి రూపాయి చేతిలో ఉన్నది రెండు సెంట్లే. రెండింటికి అర కలపడమంటే నాలుగో వంతు, 25 శాతం పెరగడం. పడినదీ లేవాల్సిందీ ఒకటే అర సెంటు. దాన్ని దేనితో భాగిస్తున్నామన్నదే మారింది. పడేటప్పుడు పెద్ద సంఖ్యతో, లేచేటప్పుడు చిన్న సంఖ్యతో భాగిస్తాం. ఇందులో మార్కెట్ మాయేమీ లేదు. 20 శాతం పడిన రూపాయి 20 శాతమే పెరిగితే 2.4 సెంట్ల దగ్గర ఆగిపోతుంది. అంటే డాలరు ఇంకా 41 రూపాయల 67 పైసలు ఉంటుంది.

ఈ లెక్క వంతుల్లో గుర్తుపెట్టుకోవడం సులువు. ఐదో వంతు పడితే నాలుగో వంతు పెరగాలి. నాలుగో వంతు పడితే మూడో వంతు, మూడో వంతు పడితే సగం పెరగాలి. సగం పడితే రెట్టింపు కావాలి. పతనం చిన్నదైతే తేడా కంటికి ఆనదు. ఒక శాతం పడినదానికి 1.01 శాతం పెరిగితే చాలు. అందుకే రోజువారీ మారకపు వార్తల్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. పతనం పెద్దదయ్యేకొద్దీ రెండు శాతాలూ దూరదూరంగా జరుగుతాయి.

1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు చేరింది. ఆ నిర్ణయం గురించి చదివేవాళ్లకు ఒకచోట 36.5 శాతం అని, మరోచోట 57.5 శాతం అని కనిపిస్తుంది. రెండూ సరైనవే. మొదటిది రూపాయి కోల్పోయింది, రెండోది డాలరు ఖరీదెక్కింది. దిగుమతిదారుకు కావాల్సింది రెండో అంకె, ఎందుకంటే అంతకుముందు 100 రూపాయలకు వచ్చిన సరుకుకు ఇప్పుడు దాదాపు 157 రూపాయల 50 పైసలు కట్టాలి.

అలాగే 2008లో అమెరికాలో చదువుతున్న పిల్లలకు ఇక్కడినుంచి 20 వేల డాలర్ల ఫీజు పంపే తల్లిదండ్రులకు ఖర్చు 8 లక్షల నుంచి 10 లక్షలకు, అంటే 25 శాతం పెరిగింది. అక్కడినుంచి నెలకు వెయ్యి డాలర్లు ఇంటికి పంపే కొడుకు వల్ల వచ్చే రూపాయలూ అంతే పెరిగాయి. ఇక్కడ దాచుకున్న సొమ్ముతో డాలర్లు కొనబోయినవాళ్లకు మాత్రం 20 శాతం తక్కువ వచ్చాయి.

ఒక కరెన్సీ 100 శాతానికి మించి పడిందని ఎక్కడైనా కనిపిస్తే అది డాలరు పెరుగుదలను కరెన్సీ పతనంగా రాసిన పొరపాటే. 2023 ఫిబ్రవరిలో లెబనాన్ తన పౌండు అధికారిక రేటును డాలరుకు 1,507.5 నుంచి 15,000కి మార్చింది. డాలరు దాదాపు 900 శాతం పెరిగినా పౌండు కోల్పోయింది 90 శాతమే. ఉన్నదంతా పోయినా 100 దగ్గరే ఆగాలి.

వార్తలో శాతం కనిపిస్తే పాత, కొత్త రేట్లు రెండూ చూడండి. వాటి తేడాను పాత రేటుతో భాగిస్తే డాలరు ఎంత పెరిగిందో, కొత్త రేటుతో భాగిస్తే రూపాయి ఎంత పడిందో తెలుస్తుంది. 2011 మధ్యలో డాలరు 44 రూపాయల దగ్గరికి దిగొచ్చింది. 50తో పోలిస్తే రూపాయి దాదాపు 13.6 శాతం కోలుకుంది. కావాల్సిన 25 శాతంలో అది సగం పైచిలుకే. 40 రూపాయల డాలరు ఆ తర్వాత మళ్లీ రాలేదు.