భద్రాచలం భూకంపం, ములుగు భూకంపం: నా లెక్క ఎక్కడ తప్పింది? లాగ్, యాంటీలాగ్ కీలతో సరిచూసుకుందాం

ఈరోజు వీడియోలో ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ తప్పు ఎలా జరిగిందో చూస్తే లాగ్ కీ, యాంటీలాగ్ కీ రెండూ అర్థమైపోతాయి.

2024 డిసెంబర్ 4న పొద్దున 7:27కి ములుగు దగ్గర భూకంపం వచ్చింది కదా, 5.3 తీవ్రత. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా కదిలింది. ఆరోజు నేను ఎర్రుపాలెంలో మా ఇంట్లోనే ఉన్నా. వంటింట్లో స్టాండు మీద గిన్నెలు గలగలమన్నాయి, అమ్మ పిల్లి అనుకుంది. తర్వాత వార్తలు చూస్తుంటే మా తాతయ్య అన్నారు, "ఇదేం భూకంపంరా, భద్రాచలం దగ్గర వచ్చిందే, అదీ భూకంపమంటే" అని. ఆయన చెప్పేది 1969 ఏప్రిల్ 13న వచ్చినది. దాని తీవ్రత 5.7 అని చెప్తారు.

మా చెల్లి ఇంటర్ ఎంపీసీ. వెంటనే తీసివేసింది. "5.7లోంచి 5.3 తీసేస్తే 0.4. అంతే కదా తాతయ్యా తేడా" అంది. తాతయ్య ఏమీ అనలేదు, పేపర్ తీసుకున్నారు. నేను మధ్యలో దూరి, "కాదే, అది లాగ్ స్కేలు, తీసివేస్తే సరిపోదు" అని ఫోన్‌లో లెక్క చేసి, చిన్న వీడియో కూడా పెట్టేశా. భద్రాచలం భూకంపంలో కంపనం ఒకటిన్నర రెట్లు పెద్దది అని. అది తప్పు. మా ఊళ్లో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఫోన్ చేసి, "బాబూ, ఏ కీ నొక్కావు?" అని ఒక్క ప్రశ్న అడిగారు.

సరే, మొదటి నుంచి చూద్దాం. లాగ్ అంటే ఒక ప్రశ్న: పదిని ఏ ఘాతానికి పెంచితే ఈ సంఖ్య వస్తుంది? 100కి లాగ్ 2, ఎందుకంటే పది స్క్వేర్ చేస్తే వంద. యాంటీలాగ్ అంటే దానికి వెనక్కి నడక. 2 ఇస్తే 100 చెప్తుంది. కాలిక్యులేటర్ మీద యాంటీలాగ్ అనే పేరుతో కీ వెతికితే మామూలుగా దొరకదు. ఆ పని చేసేది 10ˣ. పరీక్షలకు తీసుకెళ్లే కాలిక్యులేటర్‌లో SHIFT నొక్కి log నొక్కితే అదే వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే గూగుల్ కాలిక్యులేటర్‌లో సైంటిఫిక్ కీలు తెరిచి INV నొక్కితే log ఉన్నచోట 10ˣ కనిపిస్తుంది. ఐఫోన్ అయితే అడ్డంగా తిప్పండి. కొన్నింట్లో కీ ముందు, సంఖ్య తర్వాత. కొన్నింట్లో తిరగేసి. మీది ఏదో తెలియాలంటే 2తో చేసి చూడండి, 100 వస్తే దారి సరైనదే.

భూకంపం తీవ్రత ఒక అంకె పెరిగితే, ఒకే దూరంలో యంత్రం గీసే కంపనం పది రెట్లు పెరుగుతుంది. అంటే మనకు కావాల్సింది 0.4కి యాంటీలాగ్:

```
10^0.4 = 2.5119
```

రెండున్నర రెట్లు. మరి నాకు ఒకటిన్నర ఎలా వచ్చింది? INV నొక్కాక ln ఉన్నచోట eˣ వస్తుంది, log ఉన్నచోట 10ˣ వస్తుంది. నా వేలు eˣ మీద పడింది. ln కూడా లాగే, కానీ దాని ఆధారం పది కాదు, 2.718. అలా 1.4918 వచ్చింది.

బాధ ఏంటంటే, నేను సరిచూశా కూడా! వచ్చిన 1.4918కి ln నొక్కితే 0.4 వచ్చింది. "వెనక్కి వచ్చింది, కరెక్ట్" అనుకున్నా. ఏ తప్పు దారిలో వెళ్లానో అదే దారిలో తిరిగొచ్చా, ఇల్లు కనపడక ఏం చేస్తుంది? log నొక్కి ఉంటే 0.1737 చూపించేది, అక్కడే దొరికిపోయేవాణ్ణి.

మాస్టారు చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. అందులో log కీ, 10ˣ కీ రెండూ ముట్టుకోనక్కర్లేదు. 0.4 అంటే ఐదులో రెండు వంతులు. కాబట్టి జవాబును ఐదుసార్లు దానితోనే గుణిస్తే పది స్క్వేర్, అంటే 100 రావాలి.

```
2.512 × 2.512 × 2.512 × 2.512 × 2.512 = 100.02
```

సున్నా రెండు ఎక్కువ వచ్చింది, అది మనం 2.5119ని 2.512 చేసినందుకు. నా 1.4918ని ఐదుసార్లు గుణించండి, 7.39 వస్తుంది. వంద ఎక్కడ, ఏడు ఎక్కడ! అంత ఓపిక లేకపోతే ఒక అంచనా ముందే మనసులో పెట్టుకోండి. 10 పవర్ 0.3 దాదాపు 2, 10 పవర్ 0.5 దాదాపు 3.16. 0.4కి జవాబు ఈ రెంటి మధ్యే ఉండాలి. 1.49 అసలు లోపలికే రాదు.

ఇక శక్తి సంగతి. కంపనం రెండున్నర రెట్లయితే విడుదలైన శక్తి అంతే అనుకోకండి. శక్తికి తీవ్రత తేడాను 1.5తో గుణించి ఆ తర్వాత యాంటీలాగ్ తీయాలి. ఇక్కడ ఇంకో గుంట ఉంది. చాలామంది ఇలా కొడతారు:

```
10^1.5×0.4     →  12.65
10^(1.5×0.4)   →  3.981
```

మొదటి దాంట్లో కాలిక్యులేటర్ 10 పవర్ 1.5 ముందు చేసేసి, వచ్చిన 31.62ని 0.4తో గుణించింది. బ్రాకెట్ పెడితేనే మొత్తం ఘాతంలోకి వెళ్తుంది. పుస్తకంలో రాసినట్టే ఘాతాన్ని పైన చూపించే కాలిక్యులేటర్లలో 0.4 కూడా పైనే ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది రాదు. ఒకే వరుసలో చూపించే పాత వాటిలో, ఫోన్లలో వస్తుంది. ఈ తప్పును మాత్రం వెనక్కి నడక పట్టుకుంటుంది. 12.65కి log నొక్కితే 1.102 వస్తుంది, మనకు రావాల్సింది 1.5 సార్లు 0.4, అంటే 0.6. ఆ 0.6ని విడిగా నోటితో లెక్కేసి పెట్టుకోండి, లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు. 3.981ని మాస్టారి పద్ధతిలో ఐదుసార్లు గుణిస్తే 999.9 వస్తుంది, అంటే పది క్యూబ్. 0.6 అంటే ఐదులో మూడు వంతులు కదా, సరిపోయింది.

అంటే శక్తి దాదాపు నాలుగు రెట్లు. చెల్లి "అంతే కదా" అన్న 0.4 వెనక ఉన్నది అది. అలాగని తాతయ్యకు కాళ్ల కింద నాలుగు రెట్లు కదిలిందని చెప్పలేను. నేల ఎంత ఊగిందన్నది భూకంపం ఎంత దూరంలో, ఎంత లోతులో పుట్టింది, మన కింద ఎలాంటి నేల ఉంది అన్న వాటిమీద కూడా ఆధారపడుతుంది. ములుగు కన్నా భద్రాచలం మాకు దగ్గర, ఆయన గుర్తులో ఆ దగ్గరితనం కూడా కలిసి ఉంటుంది.

ఇంకొకటి, 3.981 అని నాలుగంకెలు రాశా కదా, వాటిని అంతగా నమ్మకండి. తీవ్రతలో 0.1 తేడా వచ్చినా శక్తి లెక్క 10 పవర్ 0.15, అంటే 1.41 రెట్లు మారిపోతుంది. 1969 నాటి కొలతలో 0.1 అటూ ఇటూ ఉండటం పెద్ద విషయం కాదు. 5.7 బదులు 5.6 అయితే మన నాలుగు రెట్లు 2.8 అవుతుంది, 5.8 అయితే 5.6 అవుతుంది. కావాలంటే ఈ రెండూ మీ ఫోన్‌లో కొట్టి, ఒక్కోదానికి log తీసి చూడండి, 0.45, 0.75 వస్తాయి. అందుకే పాత వీడియో తీసేసి పెట్టిన కొత్త దాంట్లో, "కంపనం సుమారు రెండున్నర రెట్లు, శక్తి సుమారు నాలుగు రెట్లు" అని మాత్రమే రాశా.