చుక్కల మందు వేసిన తరువాతి గంట: కంటి ఆసుపత్రిలో పిల్లల నిరీక్షణ

దిబ్బూరహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పిల్లల కంటి పరీక్ష అంటే ఒక పూట పని గాక, ఒక దినమంతా పట్టే పనిగా పరిణమించడం సాధారణం. చామరాజపేటలోని మింటో ప్రభుత్వ ఆసుపత్రి వంటి పెద్ద సంస్థలలో చీటీ రాయించుకోవడం ఒక వరుస, గోడమీది అక్షరాలు చదివించడం మరొక వరుస, చుక్కల మందు ఇంకొక వరుస, ఆ తరువాతనే వైద్యుని దర్శనం. ఈ నిరీక్షణలో పిల్లవానికి ఏ ఆట ఇవ్వాలన్నది, అది చుక్కలకు ముందటి నిరీక్షణా, తరువాతి నిరీక్షణా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ముందు పనికివచ్చిన ఆట తరువాత పనికిరాదు.

అందుకు కారణం మందులోనే ఉన్నది. పిల్లల కంటిలోని కటకాన్ని ఉబ్బేలా చేసి దగ్గరి వస్తువును స్పష్టంగా చూపించే కండరం చాలా బలమైనది. అది పనిచేస్తున్నంతసేపు కంటిలోని లోపాన్ని తానే సర్దివేస్తుంది. పరీక్షలో అసలు పవరు బయటపడదు. కనుక చుక్కలతో ఆ కండరాన్ని కొంతకాలం విశ్రమింపజేస్తారు, కనుపాప కూడా విచ్చుకుంటుంది. సాధారణంగా కొన్ని నిమిషాల ఎడంతో రెండుమార్లు చుక్కలు వేస్తారు. మందు పూర్తిగా పట్టడానికి అరగంట నుండి ముప్పావుగంట, కొందరికి అంతకన్న ఎక్కువ పడుతుంది. మనవంటి నల్లని కళ్ళలో మందు నెమ్మదిగా పట్టడం వైద్యులకు తెలిసిన విషయమే; మూడవసారి వేయవలసి వచ్చినా కంగారు పడనక్కరలేదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. స్వగ్రామం దిబ్బూరహళ్ళి, నివాసం యశవంతపుర. ఆరేళ్ళ పాపకు బడిలో నల్లబల్ల సరిగా కనబడడం లేదు. తల్లి ఆమెను, మూడేళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకొని ఉదయాన్నే వచ్చింది. చేతిలోని టోకెను 62, లోపల పిలుస్తున్నది 41.

ఈ మొదటి గంటలో పాప కళ్ళు మామూలుగానే పనిచేస్తున్నాయి. దగ్గరగా చూసి ఆడే ఆటలన్నీ ఇప్పుడే ఆడించాలి. కాగితం మీద ఒక చదరం గీసి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, మూలలను కలుపుతూ రెండు గీతలు గీస్తే తొమ్మిది కూడళ్ళు వస్తాయి. ఇద్దరికీ మూడేసి కాయలు. ఒకరి తరువాత ఒకరు పెట్టి, ఆపై గీత వెంట పక్క కూడలికి జరుపుతూ, మూడింటినీ ఒకే వరుసకు తెచ్చినవారిది గెలుపు. రెండు మూడు నిమిషాలలో ముగుస్తుంది గనుక మధ్యలో పేరు పిలిచినా పేచీ ఉండదు. పులి–మేక ఇంతకన్న గొప్ప ఆటే. కాని మూడు పులులూ పదిహేను మేకలూ ఒక కొలిక్కి వచ్చేలోపు టోకెను దాటిపోతుంది. కాయలుగా చింతగింజలు వాడవద్దు. పక్కనున్న మూడేళ్ళవాడు ఒకటి నోట వేసుకుంటే గొంతుకు అడ్డుపడుతుంది. కాగితం ముక్కలను మడిచి, సగం వాటికి రంగు పూస్తే చాలు.

టోకెను పిలుపునే ఆటగా మార్చవచ్చు. ఇంట తెలుగు, బడిలో కన్నడం పలికే పిల్లలకు ‘నలవత్తొందు’ వినబడగానే ‘నలభై ఒకటి’ అనడం, మనకింకా ఎందరున్నారో లెక్కించడం ఇష్టమైన పని. పెద్దలకు కన్నడ సంఖ్యలు తడబడేచోట ఈ ఆట వారికే ఎక్కువ ఉపకరిస్తుంది.

ఈ ఆటల నడుమ తల్లి ఒక సంగతి గమనించాలి. పాప కాగితం మీదికి మరీ వంగుతున్నదా? తల ఒకే పక్కకు వాలుస్తున్నదా? ఒక కన్ను మూసి చూస్తున్నదా? కన్ను ఏ వైపుకైనా తిరిగిపోతున్నదా? వైద్యుని ముందు బిగుసుకొని కూర్చునే బిడ్డ సహజంగా చూసే తీరు ఆటలోనే కనబడుతుంది. చూసినది చూసినట్లు లోపల చెప్పడం పరీక్షకు సహాయం.

చుక్కలు పడగానే పరిస్థితి మారుతుంది. మందు మండుతుంది; పిల్లలు ఏడుస్తారు. ఏడ్చిన కన్నీటితో మందు కొంత కొట్టుకుపోతుంది, కళ్ళు నులిమినా అంతే. కనుక మొదటి ఐదు నిమిషాలకు తగిన ఆట, కళ్ళు మూసుకొని ఆడేది: తల్లి ఒడిలో తల పెట్టుకొని చుట్టూ వినబడే చప్పుళ్ళను గుర్తించడం, ఏ చప్పుడు ఎటునుండి వచ్చిందో వేలితో చూపడం. ఆ పిదప చేతులకు పని కల్పించాలి. గుడ్డసంచిలో తాళంచెవి, చెంచా, దువ్వెన, గాజు, ఉల్లిపాయ వేసి, తడిమి పేరు చెప్పమంటే రెండు చేతులూ సంచిలోనే ఉంటాయి, కంటిదాకా పోవు.

అరగంట గడిచేసరికి దగ్గరి వస్తువులు మసకబారుతాయి. అప్పుడు రంగుల పుస్తకం ఇచ్చినా, సెల్‌ఫోను ఇచ్చినా పాపకు గీతలు అలుక్కుపోయినట్లే కనబడతాయి. ఫోను వల్ల కంటికి హాని జరుగుతుందన్న భయం ఇక్కడ అసలు విషయం కాదు. కనబడనిదాన్ని చూడబోయి బిడ్డ విసుగుతో ఏడుస్తుంది, అంతే. వెలుతురు కూడా సహించదు. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాలి, నెత్తిన టోపీ ఉంటే మేలు. ఇది పొడుపు కథలకూ, కథలకూ సమయం. కథలు గుర్తుకురాని తల్లిదండ్రులు చదివి వినిపించవచ్చు. బెంగళూరులో 2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు, కన్నడ బాలల కథలు ఉచితంగా లభిస్తాయి. ఇంటివద్దనే రెండు దించుకొని రావాలి. ఆసుపత్రిలో సిగ్నలు నమ్మదగినది కాదు.

నిరీక్షణ స్థలంలో చదివి వినిపించడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని బోస్టన్ సిటీ ఆసుపత్రిలో 1989లో పిల్లల వైద్యులు ప్రారంభించిన ‘రీచ్ అవుట్ అండ్ రీడ్’ కార్యక్రమంలో స్వచ్ఛంద సేవకులు వేచియున్న పిల్లలకు కథలు చదివేవారు. వైద్యులు పరీక్షకు వచ్చిన పసివారికి ఒక్కొక్క పుస్తకం ఇచ్చి పంపేవారు. మన ఆసుపత్రులలో అటువంటి సేవకులు లేనిచోట, పక్క బెంచీ పిల్లలను కూడా పిలిచి ఒకరు చదివితే సరిపోతుంది.

ఆటలో పడి ఒక విషయాన్ని విస్మరించరాదు. ఈ మందులు అరుదుగా కొందరు పిల్లలకు సరిపడవు. ముఖం ఎర్రబారి ఒళ్ళు వేడెక్కినా, అడుగులు తూలినా, పొంతనలేని మాటలు వచ్చినా, మితిమీరిన మగత కమ్మినా, అది ఆడి అలసిన అలసటగా భావించక వెంటనే నర్సుకు తెలపాలి. వరుసలో స్థానం పోతుందని ఆగవద్దు.

కొందరు చిన్నపిల్లలకు ఇంటివద్దనే మూడు నాలుగు దినాలు అట్రోపిన్ మలాము పెట్టి తీసుకురమ్మంటారు. అటువంటి బిడ్డ ఆసుపత్రికి వచ్చేటప్పటికే దగ్గరి చూపు మసకగా ఉంటుంది. కాగితపు ఆటలు మొదటినుండీ పనికిరావు, సంచీ, కథలూ మాత్రమే వెంట తేవాలి. ఆ మసక వారం నుండి రెండు వారాల వరకు నిలుస్తుంది.

పాపకు వేసిన చుక్కల ప్రభావం సాధారణంగా ఒక దినంలో తగ్గుతుంది. తిరుగు ప్రయాణంలో ఆసుపత్రి మెట్లవద్దా, బస్సు ఎక్కేటప్పుడూ చెయ్యి పట్టుకోవాలి. ఆ సాయంత్రం బడి రాతపని చేయించక, చుక్కలు వేసిన సంగతి ఒక చీటీపై రాసి మరునాడు ఉపాధ్యాయులకు పంపాలి.