బోర్డు ఫొటో చెప్పని సంగతి

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి మా టీమ్‌లో ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీస్తారు. ఆ వారం పనంతా ఒక్కచోట కనిపించే కాన్‌బాన్ బోర్డు ఫొటో అది. దాన్ని మెయిల్లో అతికించి, పైన “ఈ వారం స్టేటస్, చూడగలరు” అని ఒక్క ముక్క రాసి కస్టమర్‌కి పంపేస్తే వారం గడిచిపోయినట్టే. నేనూ చాలాకాలం అలాగే పంపాను. ఆ అలవాటు మాన్పించింది ఒక ఎర్ర జెండా.

కాన్‌బాన్ బోర్డు అంటే పెద్ద విశేషమేమీ కాదు. పక్కపక్కన నాలుగు నిలువు గడులు: చేయాల్సినవి, చేస్తున్నవి, టెస్టింగ్, పూర్తయినవి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. పని సాగేకొద్దీ కార్డు ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. ముందుకు కదలలేని పనికి కార్డు మీద ఎర్ర జెండా పెడతాం.

ఈ పద్ధతి జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. అక్కడ తైయిచి ఓనో అనే ఇంజనీరు విడిభాగాల డబ్బాలకి చీటీలు తగిలించే పద్ధతి పెట్టాడు. ముందు విభాగం వాళ్ళు డబ్బాలోని సరుకు వాడుకున్నాక చీటీ వెనక విభాగానికి వెళ్తుంది. అది చేతికొచ్చాకే వాళ్ళు మళ్ళీ సరుకు తయారుచేస్తారు, అదీ చీటీలో రాసినంతే. అంటే ఆ చీటీ పని ఎంతవరకు వచ్చిందో చెప్పి ఊరుకునేది కాదు, “ఇప్పుడు మీ వంతు” అని ఎదుటివాళ్ళకి చెప్పేది. మా మెయిల్లో లోపించింది సరిగ్గా అదే.

అప్పట్లో విజయవాడలోని ఒక హోల్‌సేల్ బట్టల వ్యాపారికి ఆర్డర్ల యాప్ చేస్తున్నాం. ఊళ్ళలోని చిల్లర దుకాణాల వాళ్ళు ఫోన్‌లోనే చీరల బేళ్ళు ఆర్డర్ పెట్టుకోవాలి. దసరా సరుకు కొనుగోళ్ళకి ముందే, ఆగస్టు 20 కల్లా యాప్ అందాలని ఒప్పందం. లాగిన్‌కి ఓటీపీ ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. వ్యాపార సంస్థలు ఇలాంటి మెసేజ్‌లు పంపాలంటే సంస్థ వివరాలు, పంపేవారి హెడర్, మెసేజ్ నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్లో ముందే నమోదై ఉండాలి. ఇది ట్రాయ్ నిబంధన. ఓటీపీ ఆ సంస్థ పేరుతోనే వెళ్ళాలి గనక కాగితాలు ఇవ్వాల్సింది ఆ వ్యాపారే.

జులై 14న ఆ కార్డుకి జెండా పెట్టాం. 18న ఒక ఫొటో వెళ్ళింది, 25న ఇంకొకటి వెళ్ళింది. రెండింట్లోనూ “ఓటీపీ ఎస్సెమ్మెస్ – డీఎల్‌టీ” అన్న కార్డు అదే గడిలో, అదే జెండాతో ఉంది. జవాబు లేదు. ఆగస్టు 1 పొద్దున నేనే ఫోన్ చేశాను. “ఆ ఎర్రది మీవాళ్ళ పనేమో అనుకున్నానండీ. అయినా ఫోన్‌లో ఆ అక్షరాలు కనపడి చస్తేగా!” అన్నారాయన. ఆయన తప్పేమీ లేదు. ఫొటోలో జెండా ఉంది గానీ, అది ఎవరి కోసం ఆగిందో, ఎప్పటినుంచి ఆగిందో, ఏమిస్తే కదులుతుందో ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి మెయిల్‌ని తిరగేశాం. ముందు మాటలు, అడుగున ఫొటో. ఫొటో ఇప్పుడు సాక్ష్యం మాత్రమే.

ఫొటో తీసేముందు పది నిమిషాలు బోర్డు సర్దుతాం. పని అయిపోయినా జరపని కార్డులుంటాయి, పని కాకుండానే తొందరపడి జరిపినవీ ఉంటాయి. గడిలో కార్డులు ఎక్కువైతే కిందివి స్క్రీన్ దాటిపోయి ఫొటోలో పడవు. తొమ్మిది పనులు చేస్తే ఐదే కనిపిస్తాయి. అందుకని పూర్తయిన గడిలో ఆ వారానివే ఉండేలా ఫిల్టర్ పెడతాం. వేరే కస్టమర్ల పేర్లున్న కార్డులూ ఆ ఫిల్టర్‌తోనే పోతాయి. చివరగా పోయిన వారం ఫొటోని పక్కన పెట్టుకుని చూస్తాం. ఒక్క ఫొటోలో కార్డు వయసు తెలియదు. రెండు పక్కపక్కన పెడితే ఏది కదల్లేదో ఇట్టే దొరికిపోతుంది.

మెయిల్లో మూడు భాగాలు. పూర్తయినవాటిలో పోయిన శుక్రవారం తర్వాత అయినవే రాస్తాం, అదీ కస్టమర్ తన చేత్తో చూసుకోగలిగేట్టు. “కోడ్ అయింది” అన్నది మాకు పూర్తి, ఆయనకి కాదు. “మీ ఫోన్‌లో తెరిచి చూడొచ్చు” అనగలిగితేనే ఆ భాగంలోకి వస్తుంది.

ఆగినవాటి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇంకా మొదలుపెట్టని పని ఆగిన పని కాదు. కష్టంగా ఉండి నెమ్మదిగా సాగేదీ కాదు. మా టీమంతా కూర్చున్నా ముందుకు జరపలేనిదే ఆగినది. వాటిని ఇందులో కలిపేస్తే జాబితా పెరిగి, నిజంగా ఆగినదాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి ఆగిన పనికీ నాలుగు సంగతులు రాస్తాం: ఎప్పటినుంచి, ఎవరి దగ్గర, ఏం కావాలి, రాకపోతే ఏది వెనకబడుతుంది.

రాబోయేవాటిలో వచ్చేవారం నిజంగా చేయబోయే రెండు మూడే ఉండాలి. చేయాల్సినవన్నీ ఎక్కిస్తే అవతలివాళ్ళు అన్నిటినీ మాటిచ్చినట్టే లెక్కేసుకుంటారు. పోయిన వారం రాసింది ఈ వారమూ అక్కడే ఉంటే, ఎందుకో ఒక వాక్యం రాయాలి.

ఆ సాయంత్రం వెళ్ళిన మెయిల్ ఇది:

> సబ్జెక్ట్: ఆర్డర్ల యాప్ – ఆగస్టు 1 స్టేటస్ – మీ కాగితాలు ఆగస్టు 5 లోపు కావాలి
>
> ఓటీపీ ఒక్కటి తప్ప మిగతా పని అనుకున్నట్టే సాగుతోంది.
>
> పూర్తయినవి: చీరల కేటలాగ్ ఫొటోలతో సహా టెస్ట్ యాప్‌లో ఉంది, మీ ఫోన్‌లో చూడొచ్చు. పాత బాకీ ఉన్న దుకాణాలకి ఆర్డర్ ఆపే ఏర్పాటు పనిచేస్తోంది.
>
> ఆగినది: లాగిన్ ఓటీపీ. జులై 14 నుంచి మీ సంస్థ డీఎల్‌టీ నమోదు కోసం ఆగింది. మీ సంస్థ పాన్, జీఎస్‌టీ సర్టిఫికెట్, సంతకం చేసిన అధికార పత్రం కావాలి. ఆగస్టు 5 దాటితే 20న యాప్ ఇవ్వలేం.
>
> వచ్చేవారం: రవాణా బిల్లు ప్రింట్, ఐదు దుకాణాలతో ట్రయల్. ట్రయల్‌కి ఓటీపీ అక్కర్లేదు, తాత్కాలిక పాస్‌వర్డ్ ఇస్తాం.
>
> బోర్డు ఫొటో కింద ఉంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ అకౌంటెంట్ ఫోన్ చేసి, అధికార పత్రం ఏ నమూనాలో ఉండాలని అడిగాడు. నాలుగో తారీఖుకి కాగితాలు వచ్చాయి. అయితే ఆ తర్వాత నమోదుకి, మెసేజ్ నమూనా ఆమోదానికి పట్టిన సమయం మా చేతిలో లేదు. యాప్ ఆగస్టు 28న వెళ్ళింది, ఎనిమిది రోజులు ఆలస్యంగా. జులై 18న ఈ నాలుగు వాక్యాలే రాసి ఉంటే ఆ కాగితాలు రెండు వారాల ముందే వచ్చేవి.

ఈ మెయిల్‌కీ ఒక హద్దుంది. బుధవారం ఏదైనా ఆగితే శుక్రవారం దాకా దాచి మెయిల్లో రాయడం తగదు, ఆ రోజే ఫోన్ చేయాలి. మెయిల్లో అది రెండోసారి కనిపించాలి, అంతే. ఇప్పుడు మా టీమ్‌లో ఎవరైనా కార్డుకి ఎర్ర జెండా పెడితే, దాని మీదే తారీఖూ, అవతలి మనిషి పేరూ రాస్తారు. ఆ రెండూ లేని జెండా కనిపిస్తే శుక్రవారం ఫొటో తీసేవాళ్ళు ముందు వెళ్ళి పెట్టినవాళ్ళని అడుగుతారు: “ఇది ఎవరి వంతు?”