శేషాల దారిలో గ.సా.భా.

రెండు సంఖ్యలనూ శేషం మిగలకుండా భాగించే సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దదే వాటి గరిష్ఠ సామాన్య భాజకం, అంటే గ.సా.భా. 12నీ 18నీ భాగించేవి 1, 2, 3, 6. కాబట్టి వాటి గ.సా.భా. 6. ఇంత చిన్న సంఖ్యలకైతే కారణాంకాలు రాసుకుని చూస్తే చాలు. 4199 లాంటిది ఎదురైతే ఆ పద్ధతి మొరాయిస్తుంది. దాన్ని 2, 3, 5, 7, 11 ఏవీ భాగించవు, 13 దాకా వెళ్తే గానీ మొదటి కారణాంకం దొరకదు. వందల అంకెలున్న సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం కంప్యూటర్లకు కూడా తలకు మించిన పనే.

కారణాంకాల జోలికి పోకుండానే గ.సా.భా. కనుక్కునే మార్గం క్రీ.పూ. 300 ప్రాంతానికే తెలుసు. యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ ఏడో సంపుటం మొదట్లోనే దాన్ని చెప్పాడు. ఆయన చేసింది నిజానికి భాగహారం కాదు, పెద్ద సంఖ్యలోంచి చిన్నదాన్ని పదే పదే తీసివేయడం. ఆ తీసివేతలన్నిటినీ ఒక్క దెబ్బలో ముగించేదే భాగహారం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని కుట్టక పద్ధతి కూడా ఇలాంటి పరస్పర భాగహారం మీదే నడుస్తుంది, అయితే అక్కడి లక్ష్యం వేరు, సమీకరణాలకు పూర్ణసంఖ్యల సాధనలు కనుక్కోవడం.

నియమం చిన్నదే. పెద్ద సంఖ్యను చిన్నదానితో భాగించాలి. శేషం మిగిలితే, ఇప్పటిదాకా భాజకంగా ఉన్నదాన్ని ఆ శేషంతో భాగించాలి. శేషం సున్నా అయ్యేదాకా ఇలాగే సాగాలి. చివరి భాగహారంలోని భాజకమే గ.సా.భా.

4199, 1748 తీసుకుంటే లెక్క ఇలా నడుస్తుంది:

4199 = 1748 × 2 + 703
1748 = 703 × 2 + 342
703 = 342 × 2 + 19
342 = 19 × 18 + 0

నాలుగో భాగహారంలో శేషం సున్నా అయింది. అప్పటి భాజకం 19. జవాబు అదే.

పెద్ద సంఖ్యను పక్కన పెట్టేసి, దాని స్థానంలో శేషాన్ని తెచ్చుకున్నా జవాబు ఎందుకు మారదు? మొదటి మెట్టునే చూస్తే విషయం తెలుస్తుంది. 4199లో 19లు 221 ఉన్నాయి. 1748లో 92 ఉన్నాయి, దాని రెట్టింపులో 184. 221 లోంచి 184 పోతే 37. అంటే మిగిలిన 703లో కూడా సరిగ్గా 37 పంతొమ్మిదులే ఉంటాయి, తునకలేమీ మిగలవు. ఇది 19కి మాత్రమే దక్కిన గుణం కాదు. 4199నీ 1748నీ భాగించే సంఖ్య ఏదైనా సరే, వాటి మీద తీసివేత చేయగా వచ్చిన 703ను భాగించి తీరుతుంది.

వాదం ఇక్కడితో ఆగిపోతే సగమే అవుతుంది. 1748, 703 జంటకు కొత్తగా ఇంకో పెద్ద సామాన్య భాజకం పుట్టుకొచ్చే ప్రమాదం లేదా అన్నది కూడా తేలాలి. 4199 అంటే 1748కి రెట్టింపు, దానికి తోడు 703. అందువల్ల ఆ రెండిటినీ భాగించేది 4199ను కూడా భాగించక తప్పదు. పాత జంటకున్న సామాన్య భాజకాలు, కొత్త జంటకున్నవి అచ్చంగా ఒకటే. మొత్తం జాబితాయే మారనప్పుడు అందులో పెద్దదీ మారదు. ప్రతి మెట్టుకూ ఇదే కారణం వర్తిస్తుంది. చివరికి మిగిలే 342, 19 జంటలో 19 రెండోదాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది, తనను తాను ఎలాగూ భాగిస్తుంది. అంతకు మించిన భాజకం 19కి ఉండదు.

పని ఎప్పటికీ ముగియదేమోనన్న భయం లేదు. శేషం ఎప్పుడూ భాజకం కన్నా చిన్నదే. 1748, 703, 342, 19 అంటూ తగ్గుతూ పోయే సంఖ్యలు సున్నాను చేరక తప్పదు.

బడిలో ఈ లెక్క తప్పేది ఎక్కువగా చివరి మెట్టు దగ్గరే. 19కి బదులు భాగఫలం 18ని జవాబుగా రాసేస్తారు. ‘సున్నాకు ముందు వచ్చిన శేషమే జవాబు’ అని కంఠస్థం చేసినవారు 60, 15 లాంటి జంట దగ్గర తికమకపడతారు. అక్కడ మొదటి భాగహారంలోనే శేషం సున్నా, దానికి ముందు శేషమే లేదు. చివరి భాజకం అని గుర్తుంచుకుంటే ఆ ఇబ్బంది రాదు.

జవాబును సరిచూసుకోవడానికి రెండు సంఖ్యలనూ దానితో భాగించాలి. ఇక్కడ 221, 92 వస్తాయి. ఒకటి 13 × 17, రెండోది 4 × 23, ఉమ్మడిగా 1 తప్ప ఏమీ లేదు. శేషం మిగిలి ఉంటే జవాబు తప్పు. శేషం లేకపోయినా ఆ భాగఫలాలకు 1 కాక మరో ఉమ్మడి భాజకం కనిపిస్తే, దొరికింది సామాన్య భాజకమే గానీ గరిష్ఠం కాదు.

ఈ పద్ధతిని బాగా నడిపించేవి 89, 55 లాంటి జంటలు. ప్రతి భాగహారంలోనూ భాగఫలం 1 మాత్రమే వచ్చి (ఆఖరిది తప్ప) శేషాలు 34, 21, 13, 8, 5, 3, 2, 1 అంటూ నెమ్మదిగా దిగుతాయి. తొమ్మిది భాగహారాలు చేస్తే గ.సా.భా. 1 అని తేలుతుంది. ముందరి రెండిటినీ కలిపితే తర్వాతిది వచ్చే ఫిబొనాచీ వరుసలో ఇవి పక్కపక్క సంఖ్యలు. ఇంతకన్నా మొండి జంటలు ఉండవు. ఎంత మొండివైనా, చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో దానికి అయిదు రెట్లు మించి భాగహారాలు అవసరపడవని ఫ్రెంచి గణితజ్ఞుడు గాబ్రియెల్ లామే 1844లో నిరూపించాడు. చిన్న సంఖ్యకు వంద అంకెలున్నా అయిదు వందల భాగహారాలు దాటవు.