కోల్డ్ బ్రూ తాగితే ఛాతీలో మంట తగ్గుతుందా?

ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఉండే ఒక యువకుడు ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ చేస్తాడు. తెల్లారి ఇంటికొచ్చి ఒక గ్లాసు కాఫీ తాగి పడుకోవడం అలవాటు. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు మొదలయ్యాయి. కోల్డ్ బ్రూలో యాసిడ్ ఉండదని ఎవరో చెబితే ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టాడు. "అన్నా, వేడి కాఫీ బంద్ చేసి చల్లది పట్టుకున్నా. మంట మాత్రం పోలే" అన్నాడు.

ఎందుకు పోలేదు? అమెరికాలోని ఫిలడెల్ఫియా పరిశోధకులు 2018లో వేడి కాఫీనీ, కోల్డ్ బ్రూనీ పక్కపక్కన పరీక్షించారు. రెండింటి పీహెచ్ దాదాపు ఒక్కటే, 5కు అటూ ఇటూగా ఉంది. మొత్తం ఆమ్ల పదార్థాలు మాత్రం వేడి కాఫీలో కొంత ఎక్కువ. అందుకే చల్లది నాలుకకు మృదువుగా అనిపిస్తుంది. నాలుకకు మృదువైతే కడుపుకూ మృదువే అనుకుంటే పొరపాటు.

అసలు మంట పెట్టేది కాఫీలోని పులుపు కాదు, మన కడుపులోని యాసిడ్. అది కాఫీ కంటే ఎన్నో రెట్లు ఘాటైనది. అన్నవాహిక కింది చివర వాల్వు లాంటి కండరం ఒకటి ఉంటుంది. కాఫీ కొందరిలో ఆ కండరాన్ని వదులు చేస్తుంది, కడుపులో యాసిడ్ ఊరడాన్నీ పెంచుతుంది. అప్పుడు యాసిడ్ పైకి తన్నుతుంది. కాఫీ చల్లగా ఉన్నా ఈ పని ఆగదు.

ఇక ఆ యువకుడి లెక్క చూద్దాం. 60 గ్రాముల పొడిని 480 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి వడకడుతున్నాడు. నిజానికి అది చిక్కటి డికాక్షన్. సగానికి సగం నీళ్లో పాలో కలిపి తాగాలి. ఆయన 200 మిల్లీలీటర్ల గ్లాసు అలాగే తాగేస్తున్నాడు. అంటే సుమారు 25 గ్రాముల పొడి సారం. మామూలు కప్పుకు పది గ్రాముల పొడి వేస్తామనుకుంటే, రెండు కప్పులకు పైనే. పైగా తాగిన అరగంటకే పడుకుంటున్నాడు. పడుకుంటే యాసిడ్ పైకి రావడం ఇంకా తేలిక.

మరి ఏం చేయాలి? ముందు మోతాదు తగ్గించాలి. కోల్డ్ బ్రూ అయితే పలచన చేసి చిన్న కప్పు చాలు. బాగా ముదురుగా వేయించిన గింజల కాఫీ కొందరికి కాస్త పడుతుంది. చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి, అది కలిపిన పొడితో కెఫీన్ తగ్గుతుంది. ప్యాకెట్ మీద ఎంత శాతమో రాసి ఉంటుంది, చూసుకోండి. తాగాక మూడు గంటల వరకు పడుకోవద్దు. డ్యూటీ దిగాక కాకుండా ఎక్కే ముందు తాగడం మేలు.

తేడా తెలియాలంటే రెండు వారాలు కాఫీ పూర్తిగా ఆపండి. మంట తగ్గితే చిన్న కప్పుతో మళ్లీ మొదలుపెట్టి చూడండి. ఆపినా తగ్గకపోతే కారణం వేరే ఉన్నట్టే, డాక్టర్‌కు చూపించాలి. మింగడం కష్టమైనా, బరువు తగ్గిపోతున్నా, మలం నల్లగా వస్తున్నా ఆలస్యం చేయొద్దు. ఛాతీ నొప్పితో పాటు చెమటలు పట్టినా, చేయి లాగినా గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.